పాప 'మంట' అంటే కసురుకోకండి

ఇవాళ నేను రాసేది వంటా కాదు, వడియాలూ కాదు. నలుగురిలో నోరు విప్పి చెప్పుకోలేక, ఆడపిల్లల తల్లులం లోపల్లోపలే కుమిలిపోయే ఓ సంగతి. చిన్న ఆడపిల్లలకి ఒంటేలు పోసే చోట ఎర్రబడి వాచిపోవడం గురించి. నేను ఇంటర్ వరకే చదువుకున్నాను, డాక్టర్ని కాను. కానీ ఈ విషయంలో ఒకసారి తప్పు చేసి, ఇరవై ఏళ్ళ తర్వాత అదే తప్పు మా ఇంట్లో మళ్ళీ జరగబోతుంటే ఆపినదాన్ని. అందుకే రాస్తున్నాను.

మాది విజయనగరం. మా అప్ప కూతుర్ని శ్రీకాకుళంలో ఇచ్చాం. దానికి మూడున్నరేళ్ళ పాప. నన్ను 'చిన్నమ్మమ్మా' అంటుంది. కిందటేడు పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి తల్లీ కూతుళ్ళూ, పాప నాన్నమ్మా అందరూ మా ఇంటికొచ్చారు. పండగ కదా అని నాన్నమ్మగారు పొద్దున్నే పిల్లకి నూనె రాసి, సున్నిపిండిలో పసుపు కలిపి ఒళ్ళంతా గట్టిగా నలుగు పెట్టారు. 'ఆడపిల్ల, శుభ్రంగా ఉండాలమ్మా' అంటూ కిందకూడా రుద్ది, సబ్బు పెట్టి కడిగారు. ఆ పైన పౌడరు చల్లి, బిగుతుగా ఉండే నైలాను చెడ్డీ వేసి, మెరుపుల గౌను తొడిగారు. ఆ జనంలో, ఆ ఉక్కలో సాయంత్రం దాకా పిల్ల అలాగే ఉంది.

రాత్రి ఇంటికొచ్చాక ఒంటేలుకి కూర్చోమంటే కూర్చోదు. 'మంట, మంట' అని ఏడుపు. వాళ్ళమ్మ విసుక్కుంది, 'పొద్దున్నించీ ఇదే పేచీ పిన్నీ, కూర్చోబెడితే లేచిపోతోంది' అని. పిల్ల పేచీకి ఏడవడం వేరు, బాధకి ఏడవడం వేరు. లైటు దగ్గరికి తీసుకెళ్ళి ఇద్దరం చూశాం. రెండు పక్కలా ఎర్రగా కంది, ఉబ్బి ఉంది. అంతేకాదు, లోపలి పల్చని రెమ్మలు రెండూ కిందివైపు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో సన్నని తెల్లటి గీతలా కనిపించింది.

నాన్నమ్మగారు చూసి గుండెలు బాదుకున్నారు. 'అయ్యో, గుంటకి దారి మూసుకుపోతోందమ్మా! రేపు పెళ్ళి ఎలాగవుతుంది? మా ఊళ్ళో మంత్రసాని కొబ్బరినూనె రాసి వేలితో విడదీసేసేది, ఒక్క క్షణం పని' అన్నారు. ఆ మాట వినగానే నా ఒళ్ళు జల్లుమంది.

ఎందుకంటే, నా కూతురికి రెండేళ్ళప్పుడు సరిగ్గా ఇలాగే అయింది. అప్పట్లో ఇంటికొచ్చిన ఓ పెద్దావిడ మాట విని నేనే పిల్లని పట్టుకున్నాను, ఆవిడ విడదీసింది. పిల్ల పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాస్త నెత్తురు కూడా వచ్చింది. తర్వాత నాలుగైదు రోజులు ఒంటేలు పోయడానికి భయపడి బిగబట్టుకునేది. తీరా నెల తిరక్కుండానే మళ్ళీ అతుక్కుంది, ఈసారి ఇంకా దట్టంగా. అంచేత నాన్నమ్మగారి చేతులు పట్టుకుని, 'వద్దు వదినగారూ, మీకు దణ్ణం పెడతాను. పొద్దున్నే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్దాం' అన్నాను.

ఆ రాత్రికి చేసింది ఒక్కటే. వెడల్పాటి బేసినులో గోరువెచ్చని మామూలు నీళ్ళు పోసి పిల్లని పది నిమిషాలు కూర్చోబెట్టాం. ఉప్పూ వెయ్యలేదు, డెట్టాలూ వెయ్యలేదు. ఆ నీళ్ళలోనే ఒంటేలు పోసెయ్యమన్నాం. నీళ్ళల్లో పోస్తే మంట తెలీదు, పిల్లకి భయం తగ్గుతుంది. మెత్తటి పాత పంచె గుడ్డతో రుద్దకుండా అద్ది, చెడ్డీ లేకుండా వదులు గౌను వేసి పడుకోబెట్టాం.

పొద్దున్న డాక్టరమ్మ చూసిన తీరు నాకు నచ్చింది. పిల్లని తల్లి ఒళ్ళోనే కూర్చోబెట్టుకోమని, 'అమ్మ ఉంది కాబట్టి, డాక్టరుని కాబట్టి చూస్తున్నానమ్మా, ఇంకెవరూ ఇలా చూడకూడదు' అని దానికి చెప్పి, నొప్పి లేకుండా చూశారు. ఒంటేలు పరీక్ష చేయించారు, అందులో చీమూ ఇన్ఫెక్షనూ లేవు. ఆ తర్వాత మాకు రెండు విషయాలు విడివిడిగా చెప్పారు.

మొదటిది ఎర్రబడటం. పెద్ద ఆడవాళ్ళకి ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉంటుంది. దాని వల్ల అక్కడి చర్మం మందంగా, గట్టిగా ఉంటుంది. చిన్నపిల్లలకి ఆ హార్మోను దాదాపు ఉండదు. చర్మం ఉల్లిపొరలా పల్చగా ఉంటుంది, పైన కప్పే కొవ్వూ వెంట్రుకలూ ఉండవు, దొడ్డికి వెళ్ళే చోటు కూడా పక్కనే. అంచేత సబ్బు, సున్నిపిండి, పసుపు, పౌడరు, డెట్టాలు ఏది తగిలినా మండి ఎర్రబడుతుంది. మనం శుభ్రం కోసం చేసేదే పిల్లకి పుండు అవుతుందన్నమాట. 'వాచింది కదా అని ఇంకా గట్టిగా కడుగుతారు, అది ఇంకా వాస్తుంది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది కథ ఇదే' అన్నారావిడ.

రెండోది ఆ అతుక్కోవడం. దానికి డాక్టర్లు లేబియల్ అడ్హీషన్స్ అని పేరు పెట్టారు. ఇది పుట్టుకతో వచ్చే లోపం కాదు. పుట్టిన కొత్తలో పిల్ల ఒంట్లో తల్లి హార్మోను ఉంటుంది కాబట్టి అప్పుడు అతుక్కోదు. అది తగ్గిపోయాక, సాధారణంగా 3 నెలల నుంచి 6 ఏళ్ళ మధ్య వస్తుంది. మీకు తెలిసిన భాషలో చెప్తాను. ఒత్తిన పచ్చి అప్పడాలని మధ్యలో పిండి జల్లకుండా ఒకదానిమీద ఒకటి పెడితే ఏమవుతుంది? అంటుకుపోతాయి. మంటకి ఒరిసిపోయిన రెండు పల్చని రెమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఉంటే అలాగే అంటుకుంటాయి. కింద నుంచి మొదలై కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. మరి బలవంతంగా లాగితే? అప్పడం చిరిగినట్టే చిరుగుతుంది. చిరిగిన చోట పచ్చిపుండు, పుండు మానేటప్పుడు మళ్ళీ అతుకు. నా కూతురి విషయంలో జరిగింది అదే.

'మరి పెళ్ళి, పిల్లలు?' అని నాన్నమ్మగారు అడిగేశారు. డాక్టరమ్మ నవ్వి, 'లోపల అన్నీ సవ్యంగానే ఉన్నాయమ్మా. ఇది పైన ఉండే పల్చని పొర. చాలామంది పిల్లలకి అసలు బాధే ఉండదు, తల్లి కూడా గమనించదు. పెద్దమనిషయ్యే వయసుకి హార్మోను వచ్చి దానంతటదే విడిపోతుంది' అన్నారు. ఒంటేలు ధారగా సరిగ్గా వస్తూ, ఇన్ఫెక్షను లేకపోతే ఏ మందూ అక్కర్లేదుట. ఆవిడ మా పాపకి అప్పుడే క్రీము కూడా రాయలేదు. ముందు మంట తగ్గించండి, రెండు నెలల తర్వాత మళ్ళీ చూపించండి అన్నారు.

మంట తగ్గడానికి చెప్పిన పనులు మీకూ ఉపయోగపడతాయి. రోజుకి రెండుసార్లు పది నిమిషాలు గోరువెచ్చని మామూలు నీళ్ళల్లో కూర్చోబెట్టడం, అద్ది ఆరనివ్వడం. ఆ చోట సబ్బు బొత్తిగా మానెయ్యడం. తలంటు పోసేటప్పుడు షాంపూ, కుంకుడు రసం నురగ కిందకి కారి అక్కడే నిలుస్తాయి. అంచేత తలంటు ఆఖరున పోసి, వెంటనే మంచినీళ్ళతో ఒళ్ళు కడిగి బయటికి తెచ్చెయ్యాలి. చెడ్డీలు నూలువి, వదులువి వెయ్యాలి. ఉతికాక సబ్బుపొడి పోయేదాకా రెండు నీళ్ళు ఎక్కువ జాడించాలి. రాత్రి చెడ్డీ లేకుండా పడుకోబెడితే గాలి తగులుతుంది. ఇంకా డయపరు వేసే పసిపిల్లలైతే తడిసిన వెంటనే మార్చాలి. దొడ్డికి వెళ్ళాక కడిగేది ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. వెనక నుంచి ముందుకి కడిగితే అక్కడి మలినమంతా ఇక్కడికి చేరుతుంది. ఇది మన చేత్తో కడిగేటప్పుడూ, పిల్ల తనే కడుక్కోవడం నేర్చుకునేటప్పుడూ గుర్తుపెట్టుకోవాలి. పిల్లకి మలబద్ధకం ఉంటే దాన్నీ సరిచెయ్యాలి.

ఇంకొక్క సంగతి నాకు అంతకుముందు తెలీదు. మన పాతకాలపు కూర్చునే దొడ్లలో పిల్ల మోకాళ్ళు విడిగా పెట్టి కూర్చుంటుంది, ఒంటేలు నేరుగా కిందకి పోతుంది. ఇప్పుడు కుర్చీ కమోడు మీద కూర్చోబెడుతున్నాం. చెడ్డీ మోకాళ్ళ దాకానే దించి, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, పడిపోతానేమో అని బిగుసుకుని పోస్తుంది. అప్పుడు కొంత ఒంటేలు వెనక్కి యోనిలోకి వెళ్ళి నిలుస్తుంది. లేచాక అది బొట్లు బొట్లుగా కారి చెడ్డీ తడుస్తుంది, ఆ తడికి మళ్ళీ ఎర్రబడుతుంది. అందుకని చెడ్డీ పూర్తిగా తీసేసి, కాళ్ళ కింద చిన్న పీట వేసి, మోకాళ్ళు ఎడంగా పెట్టి, కాస్త ముందుకి వంగి పొయ్యమని నేర్పాలి. పోసేశాక అద్ది తుడవాలి.

పది రోజుల్లో ఎరుపంతా పోయింది. నాన్నమ్మగారే స్వయంగా నలుగు అక్కడ మానేశారు. కానీ అతుకు అలాగే ఉంది. సంక్రాంతికి వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు మా అప్ప కూతురు ఓ మాట చెప్పింది. 'పిన్నీ, పీట వేసి, మోకాళ్ళు ఎడంగా పెట్టి పోయిస్తున్నా, తుడిచిన పావుగంటకి చెడ్డీ తడిసిపోతోంది. ధార కూడా ఓ పక్కకి వస్తోంది' అని. తేడా చూశారా? కూర్చునే పద్ధతి వల్ల కారేదైతే పద్ధతి మార్చగానే తగ్గాలి. తగ్గలేదంటే, అతుకు పైకి పెరిగి దాని వెనక ఒంటేలు నిలుస్తోందన్నమాట. మళ్ళీ తీసుకెళ్ళాం. సగానికి పైగా అతుక్కుందని చెప్పి, ఈసారి ఈస్ట్రోజెన్ క్రీము రాసిచ్చారు.

ఆ క్రీము రాసే పద్ధతిలోనే ఉందంతా. చేతులు కడుక్కుని, బఠాణీ గింజలో సగమంత క్రీము వేలి కొసకి తీసుకుని, సరిగ్గా ఆ తెల్లటి గీత మీద మాత్రమే, రోజుకి రెండుసార్లు రాయమన్నారు. చుట్టూ పులమకూడదు. కొద్దిగా ఒత్తుతూ రాయాలి గాని, విడదీద్దామని లాగకూడదు. పిల్లకి నొప్పి తెలిసిందంటే మనం ఎక్కువ ఒత్తినట్టే. రెండు వారాలకి గీత పల్చబడి, పై నుంచి విచ్చుకోవడం మొదలైంది. నాలుగో వారం వచ్చేసరికి మా అమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది, పాప రొమ్ము దగ్గర చిన్న గడ్డలా తగులుతోందని. ఆ క్రీములోది హార్మోనే కదా, కొందరికి అలా అవుతుందనీ, రాసినచోట కాస్త నల్లబడవచ్చనీ, క్రీము ఆపగానే పోతాయనీ డాక్టరమ్మ ముందే హెచ్చరించారు. అప్పటికే పూర్తిగా విడిపోయింది కాబట్టి ఆపించారు. నెలన్నరలో ఆ గడ్డ కూడా కరిగిపోయింది. అందుకే చెప్తున్నాను, పక్కింటావిడ దగ్గర మిగిలిన క్రీము తెచ్చి రాయకండి, చెప్పిన రోజులు దాటి రాయకండి.

విడిపోయాక పని అయిపోయిందనుకోవద్దు. మళ్ళీ అతుక్కోవడం మామూలే. అప్పడాల మధ్య పిండి జల్లినట్టు, రోజూ రాత్రి రెమ్మల మధ్య కాస్త వాసన లేని వేజిలీను రాయమన్నారు, కొన్ని నెలలపాటు. రాస్తోంది. ఇప్పటిదాకా బాగుంది. ఒకవేళ మళ్ళీ అతుక్కున్నా, ఒంటేలుకి అడ్డం లేకపోతే కంగారు పడక్కర్లేదన్నారు. మందుకి లొంగక, ఒంటేలు ఆగిపోయేంత దట్టంగా ఉంటే మాత్రం ఆస్పత్రిలో మత్తిచ్చి విడదీస్తారుట. అది చాలా తక్కువమందికే అవసరమవుతుంది.

రాత్రిపూట పిల్ల నిద్రలో లేచి వెనకా ముందూ గోక్కుంటుంటే మాత్రం నులిపురుగులని అనుమానించండి. పడుకున్న రెండు మూడు గంటలకి టార్చిలైటు వేసి దొడ్డికి వెళ్ళే చోట చూస్తే, తెల్లదారం ముక్కల్లా కదుల్తూ కనిపిస్తాయి. అవి ముందుకి పాకి ఎరుపూ దురదా తెస్తాయి. వీటికి డాక్టరు ఇచ్చే మాత్ర ఇంట్లో అందరూ ఒకేరోజు వేసుకుని, రెండు వారాలకి మళ్ళీ వేసుకోవాలి. గోళ్ళు కత్తిరించి, పక్కబట్టలు వేడినీళ్ళల్లో ఉతకాలి. ఇంకో మాట, ఎర్రగా ఉందనగానే మందుల షాపులో ఫంగసు క్రీము అడిగి తెచ్చి రాస్తారు చాలామంది. డయపరు మానేసిన చిన్నపిల్లల్లో ఆ చోట ఫంగసు అరుదు. రాయడం వల్ల మంట ఎక్కువయ్యేది కూడా ఉంటుంది.

ఇక ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి? ఒంటేలు పోయలేక పొట్ట ఉబ్బినా, ఏడెనిమిది గంటలు అసలు పోయకపోయినా, మంటతోపాటు జ్వరమో వాంతులో వచ్చినా, నెత్తురు కనపడినా, నీటిపొక్కులు లేచినా, వాపు గబగబా పెరుగుతున్నా ఆ రోజే వెళ్ళాలి. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో వాసనతో చెడ్డీకి అంటుతుంటే, రెండు మూడు రోజులు పైన చెప్పినవన్నీ చేసినా తగ్గకపోతే, తెల్లటి మచ్చలా చర్మం పాలిపోయి దురదపెడుతుంటే కూడా ఆలస్యం చెయ్యకూడదు. ఒక్కోసారి ఆడుకుంటూ కాగితం ముక్కో మరొకటో లోపల పెట్టుకున్నా ఆ దుర్వాసన స్రావం వస్తుంది. పెద్ద ఆస్పత్రికే వెళ్ళాలని లేదు. దగ్గర్లో పిల్లల డాక్టరు ఎవరున్నా చూస్తారు.

చివరిగా, రాయడానికి మనసు రాకపోయినా రాయక తప్పని మాట. ఎర్రబడిందన్న ఒక్క కారణానికి ఎవర్నీ అనుమానించనక్కర్లేదు. ఎక్కువసార్లు అది సబ్బో, తడో, నలుగో. కానీ కమిలిన గాయమో, నెత్తురో కనిపించినా, ఫలానా మనిషి దగ్గరికి వెళ్ళనని పిల్ల భయపడినా, 'ఫలానావాళ్ళు ముట్టుకున్నారు' అని చెప్పినా పిల్ల మాట నమ్మండి. కసరకండి, గుచ్చిగుచ్చి అడక్కండి. స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతక్కుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 1098 నెంబరుకి ఫోన్ చేస్తే పిల్లల సహాయం కోసం ఉన్నవాళ్ళు పలుకుతారు.

మొన్న నా కూతురు అత్తారింటి నుంచి వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాను. అంతా విని, 'అమ్మా, ఒంటేలంటే నాకు భయమేసేది గుర్తుంది గానీ, ఎందుకో తెలీదు' అంది. దాని చెయ్యి పట్టుకుని, ఆ రోజు పట్టుకున్నది నేనేనని ఒప్పుకున్నాను. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు. మీ ఇంట్లో మూడేళ్ళ పిల్ల 'మంట' అంటే, మీరు మాత్రం లైటు దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. చూశాక చెయ్యి పెట్టకండి, బేసినులో గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి.